ఉద్యోగం చేస్తూ సీఏ ఫైనల్: నా సెలవు మెయిల్ రెండుసార్లు ఎందుకు రాయాల్సి వచ్చిందంటే

సీఏ ఫైనల్ గ్రూప్ 2 నేను 2024 మేలో రాశాను. అప్పటికి సీఏ చదివేవాళ్ళు చేయాల్సిన ప్రాక్టికల్ ట్రైనింగ్, అంటే ఆర్టికల్‌షిప్, అయిపోయి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సిలబస్ ఎలా చదవాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. సెలవు ఎలా అడిగానో, మొదటిసారి ఎక్కడ తప్పు చేశానో చెబుతాను. కొత్త స్కీమ్‌లో ఫైనల్ రాయాలంటే ఆర్టికల్‌షిప్ పూర్తయ్యాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్లో ఇంటి పరిస్థితిని బట్టి చాలామంది ఉద్యోగంలో చేరిపోతారు. ఈ తంటా అక్కడే మొదలవుతుంది.

ఫిబ్రవరిలో పరీక్ష ఫారం నింపిన రోజే మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. 'ఏప్రిల్, మే నెలల్లో సీఏ పరీక్షల కోసం సుమారు ఒక నెల సెలవు కావాలి, దయచేసి మంజూరు చేయగలరు' అని రెండు లైన్లు. వారం గడిచినా జవాబు లేదు. నేనే వెళ్ళి అడిగితే ఆయన కోప్పడలేదు కానీ, "సుమారు అంటే ఎలాగమ్మా? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? పరీక్ష ఎన్ని రోజులు, చదువుకోవడానికి ఎన్ని రోజులు? మార్చి లెక్కలు మూసే టైమ్ కదా, నీ పని ఎవరికి ఇవ్వను?" అన్నారు. న్యాయమైన ప్రశ్నలే. మే పరీక్ష రాసే అకౌంట్స్ వాళ్ళకి ఉన్న చిక్కే ఇది. మనం చదవాల్సిన ఏప్రిల్‌లోనే ఆఫీసులో ఏడాది ముగింపు పనులుంటాయి, ఆడిటర్లు కూడా వచ్చి కూర్చుంటారు.

ఆ రాత్రి క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేశాను. అప్పటి టైమ్‌టేబుల్ ప్రకారం గ్రూప్ 2 పేపర్లు మే 8, 10, 12 తేదీల్లో ఉన్నాయి. ఏప్రిల్ 8 సోమవారం నుంచి సెలవు తీసుకుంటే మొదటి పేపర్‌కి ముందు 30 రోజులు దొరుకుతాయి. మాకు శని, ఆదివారాలు సెలవు. మధ్యలో ఉగాది, రంజాన్, శ్రీరామనవమి, మేడే వస్తాయి. ఇవన్నీ తీసేస్తే, పరీక్ష రోజులతో కలిపి నేను నిజంగా అడుగుతున్నది 21 పనిదినాలు. 'నెల' అని రాసినదానికీ '21 పనిదినాలు' అని రాసినదానికీ చదివేవాళ్ళకి ఎంత తేడా కనిపిస్తుందో అప్పుడు తెలిసింది.

రెండో మెయిల్ కూడా ఇంగ్లిష్‌లోనే రాశాను. దాని సారం ఇది:

'సీఏ ఫైనల్ గ్రూప్ 2 పరీక్షలు మే 8, 10, 12 తేదీల్లో, మధ్యాహ్నం 2 గంటల నుంచి ఉన్నాయి. ప్రిపరేషన్‌కి ఏప్రిల్ 8 నుంచి మే 7 వరకు, పరీక్షలకు మే 8 నుంచి 12 వరకు సెలవు కోరుతున్నాను. మొత్తం 21 పనిదినాలు. అందులో 14 నా ఖాతాలో ఉన్న జీతంతో కూడిన సెలవు, అంటే ఈఎల్, మిగతా 7 జీతం లేని సెలవు. మే 13 సోమవారం డ్యూటీలో చేరతాను. సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ నోటిఫికేషన్, ఫారం రసీదు జతచేశాను. అడ్మిట్ కార్డు ఏప్రిల్‌లో వచ్చాక పంపుతాను. తేదీలు మారితే ఆ రోజే తెలియజేస్తాను.'

దాని కింద పనుల సంగతి రాశాను. మార్చి నెల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీకి గడువు ఏప్రిల్ 20. మార్చిలో కోసిన టీడీఎస్ కట్టడానికి ఏప్రిల్ 30. ఈ రెండూ నా పక్క సీటు అమ్మాయి చూస్తానంది. తనని ముందే అడిగి, తన పేరు రాసి, తనకీ కాపీ పెట్టాను. చివరి క్వార్టర్ టీడీఎస్ రిటర్న్‌కి మే 31 దాకా టైమ్ ఉంటుంది కాబట్టి అది తిరిగొచ్చాక నేనే వేస్తానన్నాను. మర్నాడు పొద్దున్నే ఓకే వచ్చింది.

ప్రిపరేషన్ రోజుల్ని, పరీక్ష రోజుల్ని విడదీసి రాయమని నేను గట్టిగా చెప్పేది ఎందుకంటే, బేరం జరిగేది ప్రిపరేషన్ దగ్గరే. రెండూ కలిపి రాస్తే 'ఓ వారం తగ్గించుకో' అన్నప్పుడు ఏది తగ్గుతుందో ఎవరికీ తెలియదు.

'తేదీలు మారితే' అన్న వాక్యాన్ని మర్యాద కోసం రాశాను. అదే పనికొచ్చింది. మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13 అన్నారు. మార్చి 19న ఐసీఏఐ పరీక్షలు మార్చింది. గ్రూప్ 2 పేపర్లు మే 10, 14, 16కి వెళ్ళాయి. పాత మెయిల్ ప్రకారం ఆఫీసుకు రావాల్సిన మే 13కి నా చేతిలో ఇంకా రెండు పేపర్లు ఉంటాయి!

మే 13 ఎలాగూ పోలింగ్ సెలవు. సెలవు అలాగే పొడిగిస్తే మే 14, 15, 16 కలిసి 24 పనిదినాలవుతాయి. ఇంకో మూడు రోజులు అడగడానికి మొహం చెల్లలేదు. అందుకని మొదట్లోంచి మూడు రోజులు తీసేశాను. ఏప్రిల్ 8, 10, 12 ఆఫీసుకు వస్తాను, 15 నుంచి సెలవు, మే 17 శుక్రవారం చేరతాను అని రాశాను. మళ్ళీ 21 రోజులే. చదువుకి నష్టమా అంటే, మొదటి పేపర్‌కి ముందు 30 రోజులు కాస్తా 25 అయ్యాయి కానీ, డైరెక్ట్ ట్యాక్స్‌కీ ఇండైరెక్ట్ ట్యాక్స్‌కీ మధ్య ఒక్క రోజు ఉన్న గ్యాప్ మూడు రోజులైంది. ఇండైరెక్ట్ ట్యాక్స్ రివిజన్ మొత్తం ఆ గ్యాప్‌లోకి నెట్టి, ముందున్న రోజుల్లో ఎక్కువ భాగం డైరెక్ట్ ట్యాక్స్‌కి ఇచ్చాను. మా మేనేజర్‌కి కూడా ఇదే నచ్చింది. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్న్ గడువు ఆసారి పోర్టల్ మొరాయించడంతో ఏప్రిల్ 12కి పొడిగించారు, ఆ రోజు నేను సీట్లోనే ఉన్నాను.

ఒక్కచోట మాత్రం దాదాపు డబ్బు పోగొట్టుకునేదాన్ని. మా దగ్గర జీతం లేని సెలవు రెండు వైపులా ఉంటే మధ్యలో వచ్చే శని, ఆదివారాలు, పండగలు కూడా జీతం లేని రోజులే. ఈఎల్ ముందు వాడేసి చివరి ఏడు పనిదినాల్ని జీతం లేనివిగా పెడితే, మే 7 నుంచి 16 దాకా పది రోజుల జీతం పోతుంది. హెచ్ఆర్‌ని అడిగి ఆ ఏడింటినీ విడగొట్టాను. ఏప్రిల్ 22 నుంచి 26 వరకు అయిదు, మే 2, 3 తేదీల్లో రెండు. మిగతా రోజులన్నీ ఈఎల్. ఏడు రోజుల జీతమే పోయింది. ఈ రూల్ కంపెనీకో రకంగా ఉంటుంది, కాబట్టి సెలవు పోర్టల్‌లో తేదీలు ఎక్కించకముందే అడగండి. ఎక్కించాక మార్చాలంటే మళ్ళీ అప్రూవల్ కోసం తిరగాలి.

అడ్మిట్ కార్డు రాగానే అదే మెయిల్ కింద జతచేసి పంపాను, కొత్తగా ఇంకో మెయిల్ పెట్టలేదు. మే 16న గ్రూప్ 2లో చివరిదైన ఆరో పేపర్, నాలుగు గంటల ఓపెన్ బుక్ పరీక్ష, సాయంత్రం ఆరింటికి అయింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి సీట్లో కూర్చునేసరికి చివరి క్వార్టర్ టీడీఎస్ చలాన్ల కట్ట కీబోర్డు మీదే పెట్టి ఉంది.