డీర్యామ్ రిఫ్రెష్: చిప్‌లు కాదు, వరసలు లెక్కపెట్టాలి

కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో మెమరీ చాప్టర్ వచ్చేసరికి అందరం క్యాష్ మీద పడతాం. రోజులకు రోజులు అక్కడే గడిచిపోతాయి. డీర్యామ్ రిఫ్రెష్‌కి మాత్రం నోట్స్‌లో రెండు లైన్లే దక్కుతాయి: "కెపాసిటర్ లీక్ అవుతుంది, కాబట్టి మధ్యమధ్యలో రిఫ్రెష్ చేయాలి." ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే గేట్ పరీక్షలో అడిగేది దీని తరవాతి సంగతి.

2018 గేట్ సీఎస్ పేపర్‌లో వచ్చిన ప్రశ్న చూడండి. 32 బిట్ల వెడల్పున్న 1 జీబీ మెయిన్ మెమరీని 256M × 4 బిట్ డీర్యామ్ చిప్‌లతో కట్టారు. ఒక్కో చిప్‌లో 2^14 వరసల సెల్స్ ఉన్నాయి. ఒక రిఫ్రెష్ ఆపరేషన్‌కి 50 నానోసెకన్లు పడుతుంది. రిఫ్రెష్ పీరియడ్, అంటే వరసలన్నీ ఒకసారి రిఫ్రెష్ కావాల్సిన గడువు, 2 మిల్లీసెకన్లు. మామూలు రీడ్, రైట్ పనులకు మిగిలే సమయం ఎంత శాతం?

ద్వారకానగర్‌లో మా కోచింగ్ బ్యాచ్‌కి ఇది ఇచ్చినప్పుడు ఒకే బెంచీలో మూడు జవాబులు వచ్చాయి. ఒకడు చిప్‌ల సంఖ్యతో గుణించాడు. ఇంకొకడు సెల్స్ మొత్తంతో గుణించి, కాలిక్యులేటర్‌లో వచ్చిన అంకె చూసి తనే నవ్వేశాడు. మూడోవాడికి సరైన జవాబే వచ్చింది గానీ, చిప్‌లతో ఎందుకు గుణించకూడదో చెప్పమంటే "ఫార్ములా అంతే" అన్నాడు. గాజువాక నుంచి వచ్చే ఈసీఈ మిత్రుడొకడు మా నోట్స్ చూసి, "గురూ, ముందు ఒక్క సెల్ లోపల ఏం జరుగుతుందో గీయండి, గుణకారం తరవాత" అన్నాడు. ఆ సాయంత్రం పబ్లిక్ లైబ్రరీలో అతను గీసిన బొమ్మతో నాకు ఈ టాపిక్ తేలిపోయింది. దాన్నే ఇక్కడ మాటల్లో పెడుతున్నాను.

డీర్యామ్ సెల్‌లో ఉండేవి రెండే: ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కి 1968లో పేటెంట్ వచ్చింది ఈ అమరికకే. కెపాసిటర్‌లో చార్జ్ ఉంటే 1, లేకపోతే 0 అనుకుందాం. ట్రాన్సిస్టర్ గేట్ వర్డ్‌లైన్‌కి తగిలి ఉంటుంది. ఒక వరసలోని సెల్స్ అన్నింటికీ వర్డ్‌లైన్ ఒక్కటే. ట్రాన్సిస్టర్ ఆన్ అయితే కెపాసిటర్ వెళ్లి బిట్‌లైన్‌కి కలుస్తుంది. బిట్‌లైన్ నిలువుగా సాగుతుంది కాబట్టి ఒక్కో కాలమ్‌కి ఒక్కోటి.

అంకెలు వేసుకుంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. సెల్ కెపాసిటర్ 25 ఫెమ్టోఫారడ్లు, బిట్‌లైన్ కెపాసిటెన్స్ 125 ఫెమ్టోఫారడ్లు, సప్లయ్ 1.2 వోల్టులు అనుకోండి. ఇవి లెక్క కోసం నేను ఎంచుకున్నవే అయినా, అసలు చిప్‌లలో ఉండే స్థాయికి దగ్గరగానే ఉంటాయి. చదివే ముందు బిట్‌లైన్‌ని సగం వోల్టేజీకి, అంటే 0.6 వోల్టులకు ప్రీచార్జ్ చేసి వదిలేస్తారు. తరవాత వర్డ్‌లైన్ పైకి లేస్తుంది. సెల్‌లోని చార్జ్, బిట్‌లైన్ మీది చార్జ్ కలిసి పంచుకుంటాయి. సగం నిండిన బిందెలో గ్లాసుడు నీళ్లు పోసి, మట్టం పెరిగిందా లేదా అని చూడటం లాంటిదే ఇది. పెరుగుదల ఎంతో చూడండి:

```
dV = (Vcell - 0.6) * 25 / (25 + 125)
Vcell = 1.2  ->  dV = 0.100 V
Vcell = 0.9  ->  dV = 0.050 V
```

సెల్ నిండుగా ఉన్నా బిట్‌లైన్ మీద కనిపించేది 100 మిల్లీవోల్టుల తేడానే. ఆ తేడా ఎటువైపు ఉందో పసిగట్టి, దాన్ని పూర్తి 1.2కి గానీ పూర్తి 0కి గానీ లాగేది సెన్స్ యాంప్లిఫైయర్. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చార్జ్ పంచుకున్న మరుక్షణం సెల్‌లో పాత వోల్టేజీ ఉండదు, అది కూడా 0.7 దగ్గరికి పడిపోతుంది. అంటే చదవడమే డేటాని చెరిపేస్తుంది. అయితే వర్డ్‌లైన్ ఇంకా పైనే ఉంది కాబట్టి, సెన్స్ యాంప్లిఫైయర్ బిట్‌లైన్‌ని 1.2కి లాగినప్పుడు సెల్ కూడా దాంతోపాటే మళ్లీ నిండుతుంది. చదవడం, తిరిగి నింపడం ఒకే ఆపరేషన్‌లో అయిపోతాయి. కొత్తగా రాయాల్సిన పనేమీ లేదు. రిఫ్రెష్ అంటే సరిగ్గా ఇదే: వరస తెరవడం, సెన్స్ యాంప్లిఫైయర్లు తమ పని చేసేదాకా ఆగడం, వరస మూసి బిట్‌లైన్లను మళ్లీ ప్రీచార్జ్ చేయడం. డేటా చిప్ బయటికి రాదు. కాలమ్ అడ్రస్‌తో పనే లేదు.

ఇక లీకేజీ. ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా సబ్‌థ్రెషోల్డ్ కరెంట్ కొంత జారిపోతూనే ఉంటుంది. కెపాసిటర్ తగిలే చోట ఉన్న జంక్షన్ నుంచి సబ్‌స్ట్రేట్‌లోకి ఇంకొంత పోతుంది. ఎంత పోతే ప్రమాదం? పై లెక్కలో సెల్ 1.2 నుంచి 0.9కి దిగితే సిగ్నల్ సగమై 50 మిల్లీవోల్టులకు వస్తుంది. సెన్స్ యాంప్లిఫైయర్‌కి తన సొంత ఆఫ్‌సెట్ ఉంటుంది, పక్క బిట్‌లైన్ల నుంచి నాయిస్ ఉంటుంది. అందుకని అంతకన్నా కిందికి పోనివ్వకూడదని పెట్టుకుందాం. 0.3 వోల్టులు × 25 ఫెమ్టోఫారడ్లు అంటే 7.5 ఫెమ్టోకూలూంబులు. ఇప్పటి చిప్‌లకు రిఫ్రెష్ గడువు 64 మిల్లీసెకన్లు. అంతలో ఇది పోవాలంటే కరెంట్ సుమారు 0.12 పికోఆంపియర్లు. ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతులో ఎనిమిదో వంతు కూడా కాదు. అంత చిన్న కారుడు చాలు, 1 కాస్తా అనుమానంగా మారడానికి.

నిజానికి చాలా సెల్స్ ఇంతకన్నా ఎంతో తక్కువ లీక్ అవుతాయి. 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు పవర్ తీసేశాక కూడా డీర్యామ్‌లో డేటా కొన్ని సెకన్లు నిలుస్తుందనీ, చిప్‌ని బాగా చల్లబరిస్తే నిమిషాల పాటు ఉంటుందనీ చూపించారు. మరి 64 మిల్లీసెకన్లే ఎందుకు? కోట్లాది సెల్స్‌లో అన్నిటికన్నా బలహీనమైన కొన్నింటి కోసం పెట్టిన గడువు అది. ఒక్క బిట్ పోయినా మెమరీ తప్పు చెప్పినట్టే కదా. "రిఫ్రెష్ ఆగిన 64 మిల్లీసెకన్లకి డేటా మొత్తం పోతుంది" అని ఆప్షన్‌లో కనిపిస్తే టిక్ పెట్టకండి.

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. వర్డ్‌లైన్ లేస్తే ఆ వరసలోని సెల్స్ అన్నీ ఒక్కసారే తమతమ బిట్‌లైన్లకు కలుస్తాయి. ప్రతి బిట్‌లైన్‌కీ తన సెన్స్ యాంప్లిఫైయర్ ఉంది. కాబట్టి ఎన్ని కాలమ్‌లున్నా వరసకి పట్టేది 50 నానోసెకన్లే. అదే కాలమ్‌లో రెండో వరసని మాత్రం అదే క్షణంలో తెరవలేం. ఒకే బిట్‌లైన్ మీదికి రెండు సెల్స్ చార్జ్ వదిలితే రెండూ కలగాపులగం అవుతాయి. అందుకే వరసలు ఒకదాని తరవాత ఒకటి రావాలి. చిప్‌ల మధ్య ఆ ఇబ్బంది లేదు, ఎవరి బిట్‌లైన్లు వాళ్లవి. 32 బిట్ల వెడల్పుకి 4 బిట్ల చిప్‌లు 8 కావాలి. ఆ 8 చిప్‌లూ ఒకే వరస అడ్రస్‌ని ఒకేసారి రిఫ్రెష్ చేసుకుంటాయి.

```
2^14 * 50 ns       = 0.8192 ms
2 ms - 0.8192 ms   = 1.1808 ms
1.1808 / 2         = 59.04 %
```

జవాబు 59. ఎనిమిదితో గుణించినవాడికి 6.55 మిల్లీసెకన్లు వచ్చింది. 2 మిల్లీసెకన్లలో చేయాల్సిన పనికి 6.55 పడితే ఆ మెమరీ అసలు పనిచేయదు, కాబట్టి లెక్క ఎక్కడో దారి తప్పిందని అక్కడికక్కడే తెలిసిపోవాలి. 2010 పేపర్‌లో 1K వరసల చిప్‌లతో వచ్చిన ప్రశ్న కూడా ఈ కోవదే. అక్కడ 4 ఎంబీ మెమరీకి 1M × 1 బిట్ చిప్‌లు 32 పడతాయి. ఆప్షన్లలో 32 కలిపిన గుణకారం వల వేసి కూర్చుంటుంది. ఒక్కో రిఫ్రెష్‌కి 100 నానోసెకన్లు కాబట్టి, మెమరీ మొత్తం రిఫ్రెష్ కావడానికి జవాబు 100 × 2^10 నానోసెకన్లే.

బర్స్ట్, డిస్ట్రిబ్యూటెడ్ అనే రెండు పద్ధతుల దగ్గర కూడా కొందరు కంగారుపడతారు. పై మెమరీని బర్స్ట్‌గా రిఫ్రెష్ చేస్తే ప్రాసెసర్ 0.82 మిల్లీసెకన్లు ఏకబిగిన ఆగాలి. పంచి చేస్తే ప్రతి 122 నానోసెకన్లకు ఒక వరస, అందులో 50 రిఫ్రెష్‌కి. శాతం మారదు, ఒక్కసారి ఆగే నిడివి మాత్రమే మారుతుంది.

41 శాతం సమయం రిఫ్రెష్‌కే పోయే మెమరీని ఎవరూ కొనరు. ప్రశ్నలోని 2 మిల్లీసెకన్లు పాత కాలపు అంకె. 1970లలో వచ్చిన 4116 చిప్‌కి 128 వరసలుండేవి, 2 మిల్లీసెకన్లు వాటికి సరిపోయేవి. ఇప్పటి డీడీఆర్4లో గడువు 64 మిల్లీసెకన్లు, ఆ గడువులో కంట్రోలర్ ఇచ్చే రిఫ్రెష్ కమాండ్లు 8192. రెండు కమాండ్ల మధ్య దూరం, డేటాషీట్‌లో tREFI అని ఉండేది, 7.8 మైక్రోసెకన్లు. ఇక్కడ జాగ్రత్త: 8 గిగాబిట్ల ×8 చిప్‌లో బ్యాంక్ అనే ఒక్కో భాగానికి 65536 వరసలున్నాయి, కమాండ్లు మాత్రం 8192. అంటే ఒక్కో కమాండ్‌కి ప్రతి బ్యాంక్‌లో 8 వరసలు రిఫ్రెష్ కావాలి. ఏ వరస వంతో చిప్ లోపలి కౌంటరే చూసుకుంటుంది, కంట్రోలర్ అడ్రస్ ఇవ్వదు. ఆ కమాండ్‌కి పట్టే సమయం tRFC, ఈ చిప్‌కి 350 నానోసెకన్లు. 350ని 7800తో భాగిస్తే సుమారు 4.5 శాతం. కమాండ్ల సంఖ్య, tRFC ఇచ్చిన ప్రశ్నలో మళ్లీ వరసలతో గుణించారంటే ఒకే పనిని రెండుసార్లు లెక్కేసినట్టు.

వేడి పెరిగితే లీకేజీ కూడా పెరుగుతుంది. అందుకే చిప్ 85 డిగ్రీలు దాటితే గడువు 32 మిల్లీసెకన్లకు, tREFI 3.9 మైక్రోసెకన్లకు దిగుతుంది. మే నెలలో విశాఖ ఉక్కపోత ఎంతున్నా, ఈ 85 గది ఉష్ణోగ్రత కాదు, చిప్ ప్యాకేజీది. అప్పుడు అదే 350 నానోసెకన్లు దాదాపు 9 శాతం అవుతుంది. ఈ అంకెలతోనే మీరే ఒక ప్రశ్న తయారుచేసుకోండి: డీడీఆర్4లో 8 రిఫ్రెష్ కమాండ్లను వాయిదా వేయవచ్చు, మరి మామూలు వేడిలో రెండు కమాండ్ల మధ్య గరిష్ఠంగా ఎంత దూరం రావచ్చు? మధ్యలో 8 కమాండ్లు జారితే ఖాళీలు 9, కాబట్టి 9 × 7.8, అంటే 70.2 మైక్రోసెకన్లు. ఎనిమిదితో గుణించి 62.4 అని పెట్టేవాళ్లే ఎక్కువ.