ఒక టేబుల్ వంటలన్నీ ఒకేసారి కదలాలంటే: కిచెన్ స్క్రీన్‌కు టైమింగ్ కుదిర్చిన తీరు

హైదరాబాద్‌లో మా ఫ్యామిలీ రెస్టారెంట్‌లో వంటగదికి ఆర్డర్ చేరవేసే కాగితం చీటీలు, అంటే కేఓటీలు, తీసేసి స్క్రీన్లు పెట్టాం. కెప్టెన్ ట్యాబ్‌లో ఆర్డర్ కొట్టగానే తందూరీ వంటకాలు తందూర్ స్క్రీన్‌కు, కూరలు ఇండియన్ సెక్షన్‌కు, బిర్యానీ హండీల దగ్గరికి విడిపోయి వెళ్తాయి. వంటలన్నీ చేరి ట్రేలోకి ఎక్కే పాస్ దగ్గర ఇంకో స్క్రీన్ ఉంటుంది. అందులో మాత్రం టేబుల్ ఆర్డర్ మొత్తం ఒకే టికెట్‌గా కనిపిస్తుంది. నేను నిలబడేది అక్కడ. స్క్రీన్లు బిగించడం ఒక పూట పని. శనివారం రాత్రి ఎనిమిదిన్నర దాటాక కూడా ఒక టేబుల్ వంటలు కలిసి కదిలేలా చేయడమే అసలు పని.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసే లెక్క సులభంగానే ఉంటుంది. ప్రతి వంటకానికీ తయారీ సమయం రాసి పెడతాం. టికెట్‌లో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేదాన్ని వెంటనే చూపిస్తుంది. మిగతావాటిని ఆపి ఉంచి, అన్నీ ఒకే నిమిషానికి పూర్తయ్యేలా ఒక్కొక్కటే వదులుతుంది. 12వ నంబర్ టేబుల్‌కు హాఫ్ తందూరీ చికెన్, కడాయి పనీర్, నాలుగు బటర్ నాన్, ఒక చికెన్ బిర్యానీ వచ్చాయనుకుందాం. మా దగ్గర పచ్చి చికెన్‌కు 14 నిమిషాలు, పనీర్‌కు 8, నాన్లకు 4, బిర్యానీ హండీలోంచి తీసి ప్లేటులో సర్దడానికి 3. కాబట్టి చికెన్ సున్నా నిమిషం దగ్గర, పనీర్ 6వ నిమిషంలో, నాన్ 10వ నిమిషంలో, బిర్యానీ 11వ నిమిషంలో స్క్రీన్ మీదికి రావాలి. సాయంత్రం ఏడింటికి ఇది చక్కగా నడుస్తుంది.

తొమ్మిదింటికి ఇదే లెక్క దెబ్బతింటుంది. భట్టీలో కొన్ని సీకులు పట్టేంత చోటే ఉంటుంది. ముందున్న టికెట్ల వల్ల 12వ టేబుల్ చికెన్ 9 నిమిషాలు వరుసలోనే ఆగిందనుకోండి. అది 23వ నిమిషానికి గానీ రాదు. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, దాని గడియారం ఆర్డర్ పడిన క్షణం నుంచే తిరుగుతోంది. పనీర్, నాన్, బిర్యానీ 14వ నిమిషానికే పాస్ మీదికి వచ్చి కూర్చుంటాయి. తొమ్మిది నిమిషాల్లో నాన్ తోలులా సాగుతుంది, బిర్యానీ పైపొర ఆరిపోతుంది. పాస్ మీద ఒక వంటకం తక్కువగా ఉన్న ట్రేలు వరుసగా పేరుకుంటున్నాయంటే, ఆ తక్కువైన వంటకం ప్రతిసారీ ఒకే సెక్షన్‌దంటే, జరుగుతున్నది ఇదే.

తయారీ సమయాలు పెంచితే సరిపోతుందని చాలామంది చెబుతారు. చికెన్‌కు 14 బదులు 23 అని రాస్తే తొమ్మిదింటి బాధ తీరుతుంది గానీ, ఏడింటికి వచ్చిన టేబుల్‌కు చికెన్ ముందే తయారై మిగతావాటి కోసం ఎదురుచూస్తుంది. తప్పు సమయంలో లేదు. గడియారం ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లో ఉంది.

అందుకే గడియారాన్ని ఆర్డర్ నుంచి విడదీసి, పొయ్యి మీదికి ఎక్కిన క్షణానికి కట్టాం. మేం తీసుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వంటకానికి రెండు నొక్కులు పెట్టుకునే వీలుంది: మొదటిది మొదలుపెట్టినప్పుడు, రెండోది అయిపోయినప్పుడు. తందూర్ మాస్టర్ సీకు భట్టీలోకి దించగానే మొదటి బటన్ నొక్కుతాడు. ఆ నొక్కు పడ్డాకే ఆ టేబుల్‌లో మిగతావాటి లెక్క మొదలవుతుంది. పై టికెట్‌లో చికెన్ 9వ నిమిషంలో మొదలైతే పనీర్ 15కు, నాన్ 19కి, బిర్యానీ 20కి స్క్రీన్ మీదికి వస్తాయి. అన్నీ 23కు చేరతాయి. ఈ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్ అయితే ఎక్కువసేపు పట్టేవి మాత్రమే నేరుగా వెళ్లనిచ్చి, మిగతావాటిని హోల్డ్‌లో ఉంచాలి. తందూర్ మాస్టర్ టేబుల్ నంబర్ కేకేసినప్పుడు పాస్ మనిషి వాటిని వదలాలి. పని అదే, కాకపోతే పాస్ మనిషి కళ్లు, చెవులు అక్కడే ఉండాలి.

కడాయి దగ్గర కూడా వరుస ఉంటుంది కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. హోల్డ్‌లో ఉన్నవాటిని పూర్తిగా దాచకుండా, మూడు నిమిషాల ముందు నుంచి లేత రంగులో చూపించాం. అది కనపడగానే కుక్ గ్రేవీ, తరిగిన క్యాప్సికం, పనీర్ ముక్కలు పక్కన పెట్టుకుంటాడు. రంగు ముదిరినప్పుడే మంట పెడతాడు.

సమయాలు కొలిచే పద్ధతి మీద శ్రద్ధ పెట్టాలి. స్క్రీన్ ఇచ్చే రిపోర్టులో ఉండేది టికెట్ కనపడినప్పటి నుంచి, అయిపోయిందని నొక్కి దాన్ని స్క్రీన్ మీంచి తుడిచేసే వరకు పట్టిన సమయం, అందులో వరుసలో నిలబడిన సేపు కూడా కలిసి ఉంటుంది. కాబట్టి స్టాప్‌వాచ్‌తో, సీకు దించినప్పటి నుంచి ప్లేటులో పడే వరకు కొలిచాం. సగటు తీసుకోలేదు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఏ సమయంలోపు పూర్తయిందో అదే రాశాం. సగటు రాస్తే దాదాపు సగం టేబుళ్లకు ఆలస్యం ఖాయం.

తందూరీ చికెన్‌కు మాత్రం ఒక్క సమయం చాలదు. సాయంత్రమే సగం కాల్చి ఉంచిన చికెన్ ఆర్డర్ వచ్చాక ఏడు నిమిషాల్లో అవుతుంది. ఆ నిల్వ అయిపోయి పచ్చి చికెన్ దించితే పధ్నాలుగు. ఆ మార్పు సరిగ్గా రద్దీ మధ్యలోనే వస్తుంది. అందుకని ఒకే పేరుతో రెండు సమయాలు సిద్ధంగా ఉంచాం. చివరి నాలుగు సీకులు మిగిలాయనగా తందూర్ మాస్టర్ చెబుతాడు, నేను పాస్ స్క్రీన్ నుంచి 7ను 14కు మారుస్తాను. ఈ మాట ఆలస్యంగా చేరితే ఆ మధ్యలో పడిన టికెట్లన్నీ ఏడు నిమిషాలు ఎగుడుదిగుడుగా వస్తాయి.

రొట్టెల విషయంలో మన టేబుళ్ల అలవాటు వేరు. మొదట నాలుగు నాన్ చెప్పి, తింటూ తింటూ ఇంకో రెండు అడుగుతారు. ఆ రెండో ఆర్డర్ పాత టికెట్‌లో కలవకూడదు. కలిస్తే టేబుల్‌కు అప్పటికింకా వెళ్లని వంటకంతో జతపడి ఆగిపోతుంది, కూర ముందు పెట్టుకుని మనిషి ఖాళీగా కూర్చుంటాడు. తర్వాత అడిగిన రొట్టెలు విడి టికెట్‌గా, హోల్డ్ లేకుండా నేరుగా రొట్టెల భట్టీకి వెళ్లేలా పెట్టాం.

చైనీస్ సెక్షన్‌లో ఇబ్బంది ఇంకో రకం. మూడు టేబుళ్లకు చిల్లీ చికెన్ ఉంటే ఒకే కడాయిలో వేయాలని కుక్‌కు సహజంగా అనిపిస్తుంది, ఆ వంటకం మొత్తం ఎన్ని ప్లేట్లో స్క్రీన్ పక్కన కనిపించే లెక్క కూడా అందుకు ఊతమిస్తుంది. మొదలుపెట్టాల్సిన సమయాలు మూడు నిమిషాల తేడాలోపు ఉంటేనే కలపాలని నియమం పెట్టుకున్నాం. అదీ మూడు ప్లేట్లకు మించకుండా. నాలుగోది పడితే కడాయి వేడి తగ్గి, చికెన్ వేగకుండా నీరు వదిలి సాస్ పలచబడుతుంది.

ఇంత చేసినా లెక్క తప్పుతోందంటే ముందుగా చూడాల్సింది అబద్ధపు నొక్కులను. ఆలస్యమై టికెట్ ఎర్రబడుతుందన్న భయంతో వంటకం కాకముందే అయిపోయిందని కుక్ తుడిచేస్తాడు. పాస్ స్క్రీన్‌లో అన్నీ ఆకుపచ్చగా ఉంటాయి, పాస్ బల్ల మీద మాత్రం ప్లేటు ఉండదు. సెక్షన్ తుడిచిన సమయానికీ, పాస్‌లో నేను టికెట్ మూసిన సమయానికీ తేడా రాత్రికి చూస్తాను. ఒకే సెక్షన్‌లో అది పదేపదే మూడు నిమిషాలు దాటితే అక్కడ తొందరపడి నొక్కుతున్నట్టే. ఎర్ర టికెట్లు లెక్కపెట్టి కుక్‌ను అడగడం మానేశాక ఇది చాలా తగ్గింది. పిండి, నూనె అంటిన చేతులకు టచ్ స్క్రీన్ సరిగా స్పందించక రెండు టికెట్లు ఒకేసారి తుడిచిపెట్టుకుపోవడం కూడా ఉండేది. తందూర్, చైనీస్ సెక్షన్లలో స్క్రీన్ కింద గట్టి బటన్ల పట్టీ బిగించాక ఆ పొరపాట్లు ఆగాయి. పొరపాటున తుడిచినదాన్ని వెనక్కి తెచ్చే బటన్ పట్టీలో ఒక చివర ఉండాలి. మధ్యలో ఉంటే తుడిచే బటన్ అనుకుని దాన్నే నొక్కుతారు.