మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో 1/50 షట్టర్: నా అనుభవం

కురుసుర సబ్‌మెరైన్ ముందు బీచ్ రోడ్డు మీద బైక్ వెళ్తున్న షాట్. 25 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు 25 ఫ్రేములు. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, ఆటోలో ఉంది. ఎండ ఎక్కువ కాబట్టి కెమెరా 1/1000 సెకనుకు వెళ్లిపోయింది. లాప్‌టాప్‌లో చూస్తే బైక్ సాఫీగా సాగడం లేదు, గెంతుతున్నట్టుంది. మధ్యలో ఫ్రేములు పోయాయేమో అనుకుని బాణం కీతో ఒక్కొక్కటే జరిపి చూశాను. ఒక్కటీ పోలేదు. పైగా ప్రతి ఫ్రేములోనూ నంబరు ప్లేటు చదవగలిగేంత స్పష్టంగా ఉంది. తేడా అక్కడే ఉంది.

బైక్ వేగం గంటకు 36 కిలోమీటర్లనుకుందాం, అంటే సెకనుకు 10 మీటర్లు. ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు 40 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/1000 షట్టర్ అందులో 1 సెంటీమీటరు కదలికనే పట్టింది, మిగతా 39 ఎక్కడా లేదు. కంటికి గెంతులా తోచేది ఆ ఖాళీయే. 1/50 పెడితే 20 సెంటీమీటర్ల చార పడుతుంది, 20 ఖాళీ ఉంటుంది. ఒక చార చివర నుంచి మరో చార మొదటికి చూపు సులువుగా దాటుతుంది. 1/25 పెడితే ఖాళీయే ఉండదు గానీ, బైక్ అంచులు అలికేసినట్టు కనిపిస్తాయి.

సగం తెరిచి, సగం మూసి ఉంచే ఈ పద్ధతి ఫిల్మ్ కెమెరాలది. తిరిగే చక్రంలో 180 డిగ్రీలు తెరిచి ఉండేది. మిగతా సగం మూసినప్పుడు ఫిల్మ్ ముందుకు జరిగేది. తరతరాలుగా తెర మీద అదే చూశాం కాబట్టి, సహజమనిపించడంలో అలవాటు వాటా కూడా ఉంది.

అసలు చిక్కు ఎండతోనే. కెమెరా సున్నితత్వం ఐఎస్‌ఓ 100లో ఉంటే, నిండు ఎండకు అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, f/16 దగ్గర 1/100 సరిపోతుంది. 1/50కి దిగితే ఇంకా చిన్న రంధ్రం, f/22 కావాలి, అక్కడ బొమ్మ మెత్తబడుతుంది. నాకు కావలసింది పెద్ద రంధ్రం, f/4. అంటే 5 స్టాపుల వెలుగు తగ్గాలి, ఐదుసార్లు సగం కావాలన్నమాట. దానికి లెన్స్ ముందు బిగించే నల్లద్దం, ఎన్‌డీ32 ఫిల్టర్. వేరియబుల్ ఎన్‌డీని వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది, అందుకే నేను విడి ఫిల్టరే వాడతాను. ముందు ఎఫ్‌పీఎస్, తర్వాత షట్టర్, ఆ తర్వాత అపర్చర్ పెట్టి, మిగిలిన వెలుగును ఫిల్టర్‌తో సర్దుతాను. ఫిల్టర్ బిగించి మళ్లీ తీస్తే నంబరు ప్లేటు చదవడం కుదరలేదు, బైక్ మాత్రం సాఫీగా వెళ్లింది.

షట్టర్ అంకెను ఎఫ్‌పీఎస్‌కు రెట్టింపు పెట్టే ఈ లెక్కను ఒక్కచోట పక్కన పెడతాను. 30 ఎఫ్‌పీఎస్‌కు రెట్టింపు 1/60. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/60లో ఆ మిణుకులు పూర్తిగా ఇమడవు, బొమ్మ వెలుగు ఊగుతుంది. అక్కడ 1/50 పెట్టాలి.

స్లో మోషన్ కోసం 50 ఎఫ్‌పీఎస్‌లో 1/100 పెడితే, 25కి సాగదీసినప్పుడు చారలూ ఖాళీలూ మళ్లీ సగం సగమే. అదే క్లిప్‌ను మామూలు వేగంతో 25 టైమ్‌లైన్‌లో వేస్తే ఫ్రేము విడిచి ఫ్రేము పోతుంది. అప్పుడు 10 సెంటీమీటర్ల చార, 30 ఖాళీ, బైక్ మళ్లీ గెంతుతుంది.