ఫోటోలో లేని హారం

ఈ వారం ఒక పెళ్లికూతురి చిత్రంలో లేని హారాన్ని చేర్చాను. చిత్రంలో వెలుగు ఎడమవైపు పైనుంచి మెత్తగా పడుతోంది కనుక, ఆ హారాన్ని కిటికీ పక్కన అదే దిశ వెలుగులో విడిగా ఫోటో తీయించాను. వెలుగు దిశ తప్పిన నగను ఏ దిద్దుబాటూ పూర్తిగా నిలబెట్టలేదని నా నమ్మకం.

బొమ్మను వంచే వార్ప్ సాధనంతో హారాన్ని మెడ వంపుకు తగ్గట్టు మలిచాక అసలు పని నీడతో మొదలైంది. గొలుసు చర్మాన్ని ఆనుకున్నచోట నీడ సన్నగా, ముదురుగా, గొలుసు అంచుకు అంటుకునే ఉంటుంది. మెడ కింది ఎముకల మధ్య గుంటమీద గొలుసు చర్మాన్ని తాకదు కాబట్టి, అక్కడ అదే నీడ కొంచెం కుడివైపు కిందికి జరిగి, అంచులు కరిగి పలచబడుతుంది. అందుకే కింది రంగును ముదురు చేసే మల్టిప్లై పద్ధతిలో రెండు వేరువేరు పొరలు పెట్టి, రెండింటికీ ఆమె గడ్డం కింది నీడలోని ఎరుపు కలిసిన గోధుమ రంగునే తీసుకున్నాను, ఎందుకంటే నలుపు వాడితే చర్మానికి మసి అంటినట్టు ఉంటుంది.

మెరుపులకు తెల్లరంగు పూయడం చాలామంది చేసే పని. బంగారం తాను ప్రతిఫలించే వెలుగుకు తన రంగు అద్దుతుంది కనుక మెరుపు పసుపుగానే ఉండాలి, అతి తీవ్రమైన చుక్క మాత్రమే తెల్లబారుతుంది. రాళ్ల పైతలం మెరుపు మాత్రం వెలుగు రంగులోనే ఉంటుంది. చర్మం వైపున్న అంచులకు చర్మపు ఛాయను పలచగా పూసినప్పుడే, నాకు నచ్చినట్టుగా, హారం మెడమీద ఆనింది.