ఖాళీ మంచాలు, లేని పడకలు

నిన్న ఒక రిపోర్టర్ నుంచి మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్‌లో పడకల కొరత, ఇంటర్వ్యూ అన్న మాటలు చూడగానే టెన్షన్. ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్‌గా ఇలాంటి మెయిళ్లను పీఆర్ వాళ్లకు పంపేసి చేతులు దులుపుకోవడం నాకు అలవాటే.

కానీ ఈవిడ "మీకెన్ని పడకలున్నాయి" అని అడగలేదు. "రాత్రి 12 గంటల లెక్కలో ఎన్ని నిండాయి? అడ్మిషన్ రాశాక కూడా ఎమర్జెన్సీలోనే ఎంతమంది ఉన్నారు?" అని రెండే ప్రశ్నలు. డెడ్‌లైన్ కూడా రాసింది. పేషెంట్ల పేర్లు అక్కర్లేదని ముందే చెప్పింది.

రిజిస్టర్ తీశాను. 30 పడకల వార్డులో 24 నిండాయి. కాగితం మీద ఆరు ఖాళీ. కింద ఎమర్జెన్సీలో మాత్రం ఐదుగురు స్ట్రెచర్ల మీదే ఉన్నారు! ఆ షిఫ్టుకు ఐదుగురు నర్సులు రావాలి, నలుగురే వచ్చారు. మా దగ్గర ఒక్కొక్కరికి ఆరుగురు పేషెంట్లు. అంటే ఆ ఆరు మంచాలు ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి ఆవిడ అడగలేదు, నేనే చెప్పాలనుకున్నాను. డాక్టర్ పొద్దున 10కి డిశ్చార్జ్ రాసినా, సమ్మరీ, బిల్లు, మందులు అయ్యేసరికి సాయంత్రం 4 అవుతుంది. ఇంటికెళ్లాల్సిన మనిషి అదే మంచం మీద కూర్చుని ఉంటాడు. అర్ధరాత్రి లెక్కలో ఇది కనిపించదు. (మా మీటింగుల్లోనూ కనిపించదు, అది వేరే కథ.)

డైరెక్టర్‌ని అడిగాను. "అంకెలు ఇవ్వండి, నర్సుల విషయం మాత్రం వద్దు" అన్నారు. అది తీసేస్తే ఆ ఆరు ఖాళీ పడకలకు నేనేం సమాధానం చెప్పాలి?

రేపు మధ్యాహ్నం ఆవిడకు జవాబివ్వాలి. డ్రాఫ్ట్ ఇంకా తెరిచే ఉంది.