నా అసెంబ్లర్ 12 బదులు 0 చూపించిన రోజు

నిన్న ల్యాబ్‌లో జరిగింది ఇంకా మనసులో నుంచి పోలేదు. మళ్ళీ మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

మాకిచ్చిన పని ఇది. ఒక చిన్న కల్పిత ప్రాసెసర్‌కి రెండు పాస్‌ల అసెంబ్లర్ రాయాలి. మొదటి పాస్‌లో ప్రోగ్రామ్ మొత్తం చదివి, ప్రతి లేబుల్ ఏ అడ్రస్‌లో పడుతుందో సింబల్ టేబుల్‌లో రాసుకోవాలి. రెండో పాస్‌లో ఆ టేబుల్ చూసి మెషీన్ కోడ్ తీయాలి. కామెంట్లు తీసేయడం, లైన్‌ను ముక్కలు చేయడం, ఆప్‌కోడ్ టేబుల్ అన్నీ ఒక గంటలో అయిపోయాయి. ఒకే లేబుల్ రెండుసార్లు వస్తే లైన్ నంబర్‌తో సహా ఎర్రర్ ఇచ్చేలా కూడా రాశాను. మా బ్యాచ్‌లో చాలామంది ఆ మాట పట్టించుకోలేదు, పాత విలువ మీద కొత్త విలువ రాసేసి ఊరుకున్నారు.

ఈ ప్రాసెసర్‌లో ఒక మెలిక ఉంది. `LDA`, `ADD`, `STA` ఇన్‌స్ట్రక్షన్లకు అడ్రస్ 16 కంటే తక్కువైతే అంతా ఒకే బైట్‌లో ఇమిడిపోతుంది: ముందు హెక్స్ అంకె ఆప్‌కోడ్, రెండో అంకె అడ్రస్. ఉదాహరణకు `LDA` 7 అంటే `17`. అడ్రస్ 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే రెండు బైట్లు పడతాయి: `LDA`కైతే `91`, తర్వాత అడ్రస్. చిన్న అడ్రస్‌ను కూడా రెండు బైట్లలో రాయవచ్చు, తప్పేమీ కాదు. `JMP`కి ఎప్పుడూ రెండు బైట్లే (`94`, అడ్రస్), `HLT`కి ఎప్పుడూ ఒకటే (`00`).

సైజు లెక్క రెండు చోట్ల వేర్వేరుగా రాస్తే తేడా వస్తుందని, ఒకే ఫంక్షన్ రాసి రెండు పాస్‌ల నుంచీ దాన్నే పిలిచాను. ఆపరాండ్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్లకు అది ఇలా ఉంది:

```
def size(op, sym):
    if op in SHORT_OK and symtab.get(sym, 99) < 16:
        return 1
    return 2
```

లేబుల్ ఇంకా టేబుల్‌లో లేకపోతే 99 అనుకుని రెండు బైట్లు ఇస్తుంది. జాగ్రత్తగానే రాశాననుకున్నాను. నేను పరీక్షించిన ప్రోగ్రామ్‌లన్నీ సరిగ్గా నడిచాయి కూడా. నాకు డేటాను పైన పెట్టి, `JMP START`తో దాన్ని దాటించి, కింద కోడ్ రాసే అలవాటు. ఆ అలవాటే తప్పును దాచిపెట్టిందని తర్వాత తెలిసింది.

చూపించే రోజు సార్ వచ్చి నా పక్కన కూర్చుని, తనే ఒక ప్రోగ్రామ్ టైప్ చేశారు.

```
     LDA X
     ADD Y
     STA Z
     HLT
X:   .BYTE 5
Y:   .BYTE 7
Z:   .BYTE 0
```

ఎర్రర్ ఒక్కటీ రాలేదు. సిమ్యులేటర్‌లో నడిపి Zలో ఏముందో చూస్తే 0. "5, 7 కలిపితే 0 ఎలా వచ్చిందమ్మా?" అన్నారు సార్. వెనక నలుగురు నిలబడి చూస్తున్నారు. నేను సిమ్యులేటర్‌లోనే ఏదో తప్పుందన్నాను, గట్టిగానే అన్నాను. ఆ సిమ్యులేటర్ ల్యాబ్‌లో అందరూ వాడుతున్నదే. సార్ ఇంకేమీ అనకుండా, "లిస్టింగ్ తీసి, చేత్తో లెక్క వేసుకో" అని లేచి పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మౌనం తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

పక్కనున్న ల్యాబ్ అసిస్టెంట్ మాత్రం సింబల్ టేబుల్‌కి హ్యాష్ టేబుల్ వాడలేదేమోనన్నారు. మూడు లేబుళ్ళున్న ప్రోగ్రామ్‌లో వెతికే వేగానికీ తప్పు జవాబుకీ సంబంధం ఏముంది? ఆ మాట నమ్మి అరగంట పోగొట్టుకున్నాను. చివరికి సార్ చెప్పినట్టే కాగితం తీశాను.

మొదటి పాస్‌లో `LDA X` వచ్చేసరికి X టేబుల్‌లో లేదు, కాబట్టి రెండు బైట్లు. `ADD Y`, `STA Z` కూడా అంతే. తర్వాతి బైట్ పడే అడ్రస్‌ను లెక్కపెట్టే లొకేషన్ కౌంటర్ 0, 2, 4, 6 అని నడిచింది. 6 దగ్గర `HLT`, ఆ తర్వాత X = 7, Y = 8, Z = 9. టేబుల్‌లో సరిగ్గా ఇవే ఉన్నాయి.

ఇక రెండో పాస్. ఇప్పుడు `LDA X` వచ్చేసరికి X తెలుసు, దాని విలువ 7, అది 16 కంటే తక్కువ. అదే ఫంక్షన్ ఈసారి 1 అని చెప్పింది. మూడు ఇన్‌స్ట్రక్షన్లూ ఒక్కో బైట్‌కి కుదించుకుపోయాయి. బయటికి వచ్చిన కోడ్ ఇది:

```
17 28 39 00 05 07 00
```

5 ఉన్నది అడ్రస్ 4లో. కానీ `17` అంటోంది 7లో చూడమని. అక్కడ ఏమీ లేదు, 0 ఉంది. 8లోనూ 0. రెండూ కలిపి 9లో పెట్టింది. సిమ్యులేటర్ తప్పు చేయలేదు, నేను ఇచ్చిన కోడ్‌ను ఉన్నది ఉన్నట్టు నడిపింది.

ఒకే ఫంక్షన్ కాబట్టి ఒకే జవాబు వస్తుందనుకున్నాను. కానీ అది చూసే టేబుల్ మొదటి పాస్‌లో సగం నిండి ఉంది, రెండో పాస్‌లో పూర్తిగా నిండి ఉంది. డేటా పైన ఉన్నప్పుడు X, Y, Z రెండు పాస్‌ల్లోనూ ముందే తెలుసు కాబట్టి తేడా రాలేదు. లేబుల్ కింద ఉన్నప్పుడే, అంటే ఫార్వర్డ్ రిఫరెన్స్ అయినప్పుడే, ఇది బయటపడుతుంది.

మా ల్యాబ్ మాన్యువల్ మీద నాకు కోపం ఇక్కడే. "ఇన్‌స్ట్రక్షన్ పొడవును లొకేషన్ కౌంటర్‌కు కలపండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ పొడవు ఇంకా తెలియని లేబుల్ మీద ఆధారపడితే ఏం చేయాలో రాయలేదు. అన్ని ఇన్‌స్ట్రక్షన్లూ ఒకే పొడవుంటే ఆ వాక్యం చాలు, మాకిచ్చిన ప్రాసెసర్‌కి చాలదు.

దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. మొదటి పాస్‌లో తేల్చిన సైజును ఆ లైన్ రికార్డులోనే దాచాను. రెండో పాస్ మళ్ళీ లెక్కించదు, దాచినదాన్నే వాడుతుంది. దాంతో పాటు రెండో పాస్‌లో లేబుల్ కనిపించిన ప్రతిసారీ ఒక తనిఖీ పెట్టాను:

```
if symtab[label] != lc:
    error(line, "phase error: " + label)
```

రెండు పాస్‌లూ అడ్రస్ విషయంలో విడిపోతే దాన్ని ఫేజ్ ఎర్రర్ అంటారు. MASM లాంటి అసెంబ్లర్లు కూడా ఇదే పేరుతో దీన్ని పట్టుకుంటాయి. ఈ రెండు లైన్లు మొదటి రోజే రాసి ఉంటే టేబుల్‌లో 7, ఇక్కడ 4 అన్న తేడా X దగ్గరే బయటపడేది. మీరు ఇంకేం రాసినా రాయకపోయినా ఇది మాత్రం రాయండి. పాత కోడ్ మీద నడిపి చూశాను, మూడు లేబుళ్ళనూ పట్టుకుంది.

కొత్త అవుట్‌పుట్ `91 07 92 08 93 09 00 05 07 00`. Zలో `0C`, అంటే 12. సార్‌కి చూపించాను. చూసి, "ఈ మూడు బైట్లు వృథా కదా?" అన్నారు.

నిజమే. రాత్రి కూర్చుని అదీ చేశాను. ముందు `LDA`, `ADD`, `STA` అన్నింటినీ ఒక్కో బైట్ అనుకుని మొదలుపెట్టి, అడ్రస్‌లు లెక్కేసి, అడ్రస్ 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయిన లేబుల్‌ను వాడే ఇన్‌స్ట్రక్షన్‌ను రెండు బైట్లకు పెంచి, మార్పు లేనంత వరకు మళ్ళీ లెక్కేయడం. ఒకసారి పెరిగినదాన్ని తిరిగి తగ్గించకూడదు. అలా అయితే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఒక్కసారే పెరగగలదు, కాబట్టి ఈ తిరుగుడు ఎక్కడో ఒకచోట తప్పక ఆగుతుంది. అన్నీ స్థిరపడ్డాకే కోడ్ రాయడం. ఇక దీన్ని రెండు పాస్‌లు అనలేం, కానీ సార్ ఇచ్చిన ప్రోగ్రామ్‌కి ఇప్పుడు వస్తున్నది ఇది:

```
14 25 36 00 05 07 00
```

ఏడు బైట్లు, X = 4, అడ్రస్ 6లో 12. సోమవారం ల్యాబ్‌లో ఇదే చూపిస్తాను.