కారణాంకాల జోలికి పోకుండా లెజాండ్ర్ సింబల్: 299, 1999తో ఒక లెక్క

1999 మాడ్యులోలో 299 వర్గం అవుతుందా? అంటే x²ని 1999తో భాగిస్తే 299 శేషం వచ్చే x ఉందా? ఉంటే (299/1999) విలువ +1, లేకపోతే −1. ఇది భిన్నం కాదు, ఆ ప్రశ్నకు జవాబును సూచించే గుర్తు.

మొదట్లో 299ని 13 × 23గా విడగొట్టి, రెండు సింబల్స్ విడివిడిగా లెక్కగట్టేవాణ్ణి. సంఖ్య పెద్దదైతే కారణాంకాలు కనుక్కోవడమే అసలు లెక్కకన్నా కష్టం. అందుకే ఇప్పుడు జాకోబీ దారి పట్టాను: కింద సంయుక్త సంఖ్య వచ్చినా సరే, బేసి అయితే చాలు, తిరగేస్తూ పోవచ్చు. విడదీయాల్సింది 2 ఒక్కదాన్నే.

నోట్‌బుక్‌లో పై సంఖ్య, కింది సంఖ్య, గుర్తు అని మూడు గడులు గీస్తాను. 299, 1999 రెండింటినీ 4తో భాగిస్తే 3 మిగులుతుంది, కాబట్టి తిరగేస్తే గుర్తు మారి −(1999/299) అవుతుంది. శేషం తీస్తే −(205/299). 205ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి ఈసారి గుర్తు మారదు: −(299/205), అంటే −(94/205). 94 అంటే 2 × 47. కింద ఉన్న 205ని 8తో భాగిస్తే 5 మిగులుతుంది, కాబట్టి (2/205) = −1. మైనస్ పోయి +(47/205) మిగిలింది. ఇక్కణ్ణుంచి గుర్తు మారదు: (205/47) = (17/47), తర్వాత (47/17) = (13/17), తర్వాత (17/13) = (4/13). 4 ఎలాగూ వర్గమే. జవాబు +1.

సరిచూద్దాం: 385² = 148225 = 74 × 1999 + 299. సరిపోయింది.

4తో శేషం చూసేది తిరగేసే ముందున్న జంటకే. పై సంఖ్యను ముందే 205కి తగ్గించి, ఆ తర్వాత 205, 299లను చూస్తే మొదటి మైనస్ జారిపోయి జవాబు −1 అవుతుంది. 2 విషయంలో కింది సంఖ్యనే 8తో భాగించాలి: శేషం 1 లేదా 7 అయితే +1, 3 లేదా 5 అయితే −1.

మధ్యలో కింద సంయుక్త సంఖ్య ఉన్న సింబల్‌కి సొంత అర్థం వెతక్కూడదు. (2/15) = +1, కానీ 15 మాడ్యులోలో 2 వర్గం కాదు. మొదట కింద ఉన్నది ప్రధాన సంఖ్య కాబట్టే చివరి జవాబును నమ్మొచ్చు.

ఇదే పని పైథాన్‌లో, p బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు:

```python
def leg(a, p):
    a %= p
    s = 1
    while a:
        while a % 2 == 0:
            a //= 2
            if p % 8 in (3, 5): s = -s
        if a % 4 == 3 and p % 4 == 3: s = -s
        a, p = p % a, a
    return s if p == 1 else 0
```

p నిశ్శేషంగా aని భాగిస్తే 0 వస్తుంది. వర్గమూలం ఉందో లేదో చెప్పడం వరకే దీని పని. 1999ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి 299⁵⁰⁰ శేషం తీసి మూలాన్ని పట్టుకున్నాను: 1614 వచ్చింది, దాని జోడీయే 385. 1009లా 1 మిగిలే ప్రధాన సంఖ్యలకు ఆ దగ్గరి దారి లేదు. వాటి కోసం టోనెల్లీ–షాంక్స్ పద్ధతి మొదలుపెట్టాను.